నగదు అంచనాలో వర్కింగ్ క్యాపిటల్

పర్లాకిమిడిలో మూడేళ్ల లీజుకు జీడిపప్పు యూనిట్ పెడుతున్నాం. వర్కింగ్ క్యాపిటల్ చివర్లో తిరిగొస్తుంది కదా, అంచనాలో చూపాలా?

తప్పకుండా చూపాలి: పెట్టినప్పుడు బయటికి పోయే నగదుగానూ, ముగింపులో లోపలికి వచ్చే నగదుగానూ.

వేసవిలో పిక్కలు నగదిచ్చి కొని నిల్వచేస్తారు, పప్పును అరువు మీద అమ్ముతారు. అలా ఇరుక్కున్న సొమ్మే వర్కింగ్ క్యాపిటల్; అది లాభనష్టాల లెక్కలో ఖర్చుగా కనబడదు గనుక దాన్ని విడిగా తీసివేయాలి.

ఈ అవసరం రాబోయే ఏడాది అమ్మకాల్లో 10 శాతం అనుకుందాం. మొదటి ఏడాది అమ్మకాలు 40 లక్షలు, తర్వాతి రెండేళ్లలో ఏటా 50 లక్షలు అయితే, ఆరంభంలో 4 లక్షలు, మొదటి ఏడాది చివర పెరిగిన 1 లక్ష మాత్రమే పోతాయి; రెండో ఏడాది చివర మార్పు లేదు గనుక సున్నా. మూడో ఏడాది చివర సరుకు అమ్ముడై, బాకీలు వసూలై, 5 లక్షలు తిరిగివస్తాయి. ఇది లాభం కాదు, పెట్టిన సొమ్మే, కాబట్టి దానిపై పన్ను లెక్కించకూడదు.

పోయినంతా వచ్చింది గనుక ప్రభావం సున్నా అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. ఆలస్యంగా చేతికొచ్చే సొమ్ముకు నేటి విలువ తక్కువ. ఏటా 12 శాతం డిస్కౌంట్ రేటుతో చూస్తే పోయినదాని నేటి విలువ సుమారు 4.89 లక్షలు, వచ్చినదాని విలువ 3.56 లక్షలే, అంటే 1.33 లక్షల నిజమైన భారం. మొండి బాకీలు, పాడైన సరుకు ఉండొచ్చనిపిస్తే తిరిగివచ్చే మొత్తాన్ని ఆ మేరకు తగ్గించి వేయడమే సరైనది.