పోల్కీ హారం తూకంలో లక్క ఎంత?

ప్రశ్న: ఫిబ్రవరిలో మా అమ్మాయి పెళ్లి. హన్మకొండలో ఒక దుకాణంలో పోల్కీ హారం, లక్ష్మీదేవి బొమ్మల టెంపుల్ హారం చూశాం. పోల్కీకి హాల్‌మార్కు ఉండదని అంటున్నారు, నిజమేనా? కుందన్‌కూ పోల్కీకీ తేడా ఏమిటి? పనితనం అసలైనదని ఎట్లా గుర్తుపట్టాలి?

జవాబు: హాల్‌మార్కు విషయంలో దుకాణం వారు చెప్పింది నిజమే. 2021 జూన్‌లో హాల్‌మార్కును తప్పనిసరి చేసినప్పుడు కుందన్, పోల్కీ, జడావు నగలకు మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ముద్ర లేనంత మాత్రాన మోసమని అనుకోనక్కరలేదు. అయితే ఆ ముద్ర ఇచ్చే భరోసాను మనమే బిల్లులో రాయించుకోవాలి. ఈ సంగతి నాకు నష్టపోయిన తర్వాతే తెలిసింది.

కుందన్ అనేది రాయి పేరు కాదు, రాయిని పొదిగే పద్ధతి. పోల్కీ అంటే సానపట్టని సహజ వజ్రపు పలక. ముందుగా పలుచని బంగారు రేకుతో గూళ్లు కట్టి, లోపల లక్క నింపుతారు. లక్క మీద అద్దంలా మెరిసే పలుచని వెండి రేకు పరిచి, దానిపై రాయిని కూర్చోబెడతారు. ఆ తర్వాత దాదాపు 24 క్యారెట్ల మేలిమి బంగారాన్ని సన్నని పట్టీలుగా సాగగొట్టి, రాయి చుట్టూ ఉక్కు పనిముట్టుతో ఒత్తుకుంటూ వస్తారు. మేలిమి బంగారం మెత్తనిది కనుక నిప్పు, టంకం అవసరం లేకుండానే పొర మీద పొర అతుక్కుపోతుంది. ఈ పొదుగులో గాజు రాయి పెట్టినా అది కుందన్ పనే అవుతుంది, బజారులో కుందన్ పేరుతో చవకగా దొరికే నగలు ఎక్కువగా అలాంటివే.

మా పెద్దమ్మాయి పెళ్లికి వరంగల్‌లో ఒక దుకాణంలో కొన్న పోల్కీ హారం మొత్తం తూకం 86.4 గ్రాములు. అందులో 18 క్యారెట్ల బరువున్న పోల్కీ రాళ్లకు 3.6 గ్రాములు, వేలాడే పూసలకు 14 గ్రాములు తీసివేసి, మిగిలిన 68.8 గ్రాములను బంగారం కింద లెక్కగట్టారు. కొన్నేళ్ల తర్వాత మార్పిడికి తీసుకెళ్తే, రాళ్లు విప్పి లక్క కరిగించిన పిమ్మట తేలిన బంగారం 62.3 గ్రాములే. అంటే ఆరున్నర గ్రాముల లక్కకు మేము బంగారం ధరతో పాటు దాని మీద తరుగు కూడా చెల్లించామన్నమాట. తయారైన నగలో లక్కను కొలిచే వీలు లేదు, కాబట్టి నింపక ముందు గూళ్ల తూకం ఎంతో అడిగి, దాన్ని బిల్లులో విడిగా రాయించుకోండి. చేయించిన దుకాణానికి ఆ లెక్క తప్పక తెలిసే ఉంటుంది.

పనితనం చూడడానికి పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. రాయి అంచుకూ బంగారానికీ మధ్య చూపు నిలపండి. మంచి పొదుగులో అక్కడ సందు కనబడదు, అంచు చుట్టూ పట్టుదారం లాగితే ఎక్కడా తట్టుకోదు. సందు ఉంటే చెమట, నీరు లోపలికి దిగి వెండి రేకు నల్లబడుతుంది, దానితో రాయి బూడిద రంగుకు తిరుగుతుంది. మా హారంలో మూడు రాళ్లు అలాగే మసకబారాయి. వేడి తగిలితే లక్క కరుగుతుంది కనుక ఈ నగలను వేడినీళ్లతో కడగరాదు, మామూలు నగల్లా టంకం పెట్టి సరిచేయడం కూడా కుదరదు.

ఇక రాయి విషయానికి వస్తే, అసలు పోల్కీలలో ఏ రెండూ ఒకే ఆకారంలో ఉండవు, పైభాగం కొద్దిగా ఎగుడుదిగుడుగా ఉంటుంది. అన్నీ ఒకే అచ్చులో పోసినట్లు ఉంటే అనుమానించాలి. దుకాణంలో వజ్రాల టెస్టర్ పెట్టి కూత వినిపిస్తే సంబరపడకండి. ప్రయోగశాలలో పెంచిన వజ్రానికీ అది కూస్తుంది, వేడిని బట్టి పరీక్షించే రకమైతే వజ్రంలా కనబడే మొయిసనైట్ అనే రాయికి కూడా కూస్తుంది. పొదిగిన తర్వాత రాయి వెనుకభాగం మూసుకుపోతుంది కాబట్టి, చేయించుకునే వీలుంటే పొదగక ముందే విడి రాళ్లను పరీక్ష చేయించడం మేలు.

టెంపుల్ హారానికి వెనక్కి తిప్పి చూడడమే పరీక్ష. చేతి నకాషీ పనిలో రేకును లక్క మీద పరిచి సుత్తి, ఉలులతో బొమ్మను ఉబ్బిస్తారు, అందుకని ముందు ఉబ్బిన చోటల్లా వెనుక గుంట ఉంటుంది. వెనుకవైపు మూసి ఉంటే బొమ్మల ముఖాలను పోల్చండి. రెండు లక్ష్మీదేవుల కనుబొమలు గీతకు గీత సరిపోతే అది అచ్చుపని. అచ్చుపని తప్పేమీ కాదు, కాని దానికి చేతిపని మజూరీ అడిగితే ఒప్పుకోకండి. మా వైపు కొందరు ప్రతి టెంపుల్ నగనూ రామప్ప శిల్పాల నమూనా అని చెప్పి ధర పెంచుతారు, నమూనా ఎవరిదైనా తూకం మారదు. ఒక్కటి మరవకండి: ఈ హారంలో కుందన్ పొదుగు లేకపోతే ఆ మినహాయింపు దీనికి వర్తించదు, హాల్‌మార్కు ఉండి తీరాలి.