‘పరిశీలించి’ తరువాత కామా ఎందుకు?

సందేహం: మా సంఘం నివేదికలు రాసేది నేనే. వాక్యం పొడుగయ్యేకొద్దీ కామాలు కుప్పపడుతున్నాయి. కింది వాక్యంలో ఏది కామాగా ఉండాలి, ఏది సెమికోలన్ కావాలి, డాష్ ఎక్కడ పెట్టాలి? “సంఘం నిన్న సమావేశమై, గత ఏడాది లెక్కలు పరిశీలించి, రెండు పద్దుల, మరమ్మతులు, రవాణా, మీద అభ్యంతరాలు వచ్చాయి, కార్యదర్శి, ఆయన పదేళ్లుగా ఆ పదవిలో ఉన్నారు, సమాధానం చెప్పారు, సభ్యులు తృప్తి పడలేదు.”

సమాధానం: గుర్తుల జోలికి వెళ్లేముందు క్రియల కింద గీతలు గీయండి. ‘సమావేశమై’, ‘పరిశీలించి’ అసమాపక క్రియలు. ‘వచ్చాయి’, ‘ఉన్నారు’, ‘చెప్పారు’, ‘పడలేదు’ సమాపక క్రియలు. మీ చిక్కంతా ఈ రెండు రకాలకూ ఒకే కామా వాడటంలో ఉంది.

‘పరిశీలించి’ అనగానే ఇంకా ఏదో ఉందని పాఠకుడికి తెలిసిపోతుంది. ఆ చివరి ‘-ఇ’ చేసే పనినే కామా మళ్లీ చేయనక్కర్లేదు. అందుకే అసమాపక క్రియ తరువాత కామా తప్పు కాకపోయినా చాలాచోట్ల అనవసరం. సమాపక క్రియ దగ్గర పరిస్థితి వేరు. అక్కడ మాట పూర్తయింది కాబట్టి కామాకు బలం చాలదు. ఫుల్‌స్టాప్ గానీ సెమికోలన్ గానీ రావాలి. ‘తలుపు తీశాడు, చూశాడు, మళ్లీ మూశాడు’ వంటి పొట్టి క్రియల వరసకు మాత్రం కామాలే అందం.

మీ వాక్యంలో ఏ గుర్తుకూ లొంగని దోషం ఒకటుంది. సమావేశమైందీ పరిశీలించిందీ సంఘం. తరువాతి సమాపక క్రియ ‘వచ్చాయి’కి కర్త అభ్యంతరాలు. ‘సమావేశమై, పరిశీలించి’ అన్న రెండింటికీ ఆధారమైన సమాపక క్రియ ఎక్కడా లేదు. ‘వాన కురిసి పంట పండింది’ వంటి చోట కర్తలు వేరైనా కార్యకారణ సంబంధం ఉంది కాబట్టి చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు. ‘పరిశీలించింది’ అని వాక్యం ముగించడమే మార్గం.

ఇక మధ్యలో చొప్పించిన మాటలు. ‘రెండు పద్దుల, మరమ్మతులు, రవాణా, మీద’ అన్నచోట ‘పద్దుల’ను ‘మీద’ నుంచి విడగొట్టారు. తెలుగులో విభక్తి నామాన్ని అంటిపెట్టుకుని ఉండాలి. డాష్ పెట్టినా ఆ మధ్య పెట్టకూడదు, విభక్తి దాటాకే పెట్టాలి: ‘రెండు పద్దుల మీద – మరమ్మతులు, రవాణా – అభ్యంతరాలు వచ్చాయి.’ డాష్‌ల మధ్య ఉన్నది తీసేసి చదవండి. మిగిలింది సాఫీగా సాగితే డాష్ సరైన చోటే పడినట్టు. మొదటి డాష్ పెట్టి రెండోది మరిచిపోవడం తరచు కనిపించే పొరపాటు. చొప్పించిన మాట ఎక్కడ ముగిసిందో అప్పుడు తెలియదు. నన్నడిగితే ‘మరమ్మతులు, రవాణా పద్దుల మీద’ అంటే డాష్ అవసరమే రాదు. కార్యదర్శి సంగతీ అంతే. ‘ఆయన పదేళ్లుగా ఆ పదవిలో ఉన్నారు’ అన్న వాక్యాన్ని ‘పదేళ్లుగా ఆ పదవిలో ఉన్న’ అని విశేషణంగా ముందుకు తెస్తే రెండు కామాలు వాటంతట అవే పోతాయి.

ఇప్పుడు చదవండి: “సంఘం నిన్న సమావేశమై గత ఏడాది లెక్కలు పరిశీలించింది. మరమ్మతులు, రవాణా పద్దుల మీద అభ్యంతరాలు వచ్చాయి. పదేళ్లుగా ఆ పదవిలో ఉన్న కార్యదర్శి సమాధానం చెప్పారు; సభ్యులు తృప్తి పడలేదు.” తొమ్మిది కామాల్లో ఒక్కటే మిగిలింది. చివర సెమికోలన్ ఎందుకంటే, సమాధానం చెప్పడమూ తృప్తి పడకపోవడమూ విడివిడి వాక్యాలే అయినా ఒకదాని బరువు రెండోదాని మీద ఉంది. ‘కానీ’ చేర్చదలిస్తే ‘చెప్పారు కానీ సభ్యులు తృప్తి పడలేదు’ అనండి, సెమికోలన్ అక్కర్లేదు.

కామాలు తగ్గించమన్నానని అన్నీ తీసేయకండి. ‘ఆయన నవ్వుతూ వెళ్తున్న పిల్లవాణ్ణి పిలిచాడు’ అంటే నవ్వుతున్నది ఎవరు? కామా లేకపోతే పిల్లవాడనే అనిపిస్తుంది. ‘ఆయన నవ్వుతూ, వెళ్తున్న పిల్లవాణ్ణి పిలిచాడు’ అంటే నవ్వు ఆయనది. అసమాపక క్రియ తరువాత కామా నిజంగా అవసరమయ్యేది ఇలాంటి చోటే. అయినా ‘వెళ్తున్న పిల్లవాణ్ణి ఆయన నవ్వుతూ పిలిచాడు’ అని పదాల వరస మార్చడం నాకు ఎక్కువ ఇష్టం. బిగ్గరగా చదివేటప్పుడు కామా వినేవాళ్ల చెవిన పడకపోవచ్చు.

సెమికోలన్‌కు మీ నివేదికల్లో పనికొచ్చే ఇంకో చోటుంది. జాబితాలోని అంశాల లోపలే కామాలున్నప్పుడు అంశానికీ అంశానికీ మధ్య అది గట్టుగా నిలుస్తుంది: ‘మొదటి పెట్టెలో కథలు, నవలలు; రెండోదానిలో నిఘంటువులు, వ్యాకరణాలు; మూడోదానిలో పాత పత్రికలు.’ ఇక్కడ క్రియ లేకపోయినా ఇబ్బంది లేదు.