బ్లీచ్ సీసా మూత తీసే ముందు బట్ట ఏదో చూడండి

ప్రశ్న: తెల్ల బట్టలకు మామూలు క్లోరిన్ బ్లీచ్ మంచిదా, ఆక్సిజన్ బ్లీచ్ మంచిదా? రంగు బట్టలకు ఏది వాడవచ్చు? మావారి తెల్ల చొక్కాలు చంకల దగ్గర పచ్చబడ్డాయి, ఏం చేయాలి?

బట్టల మిల్లులో బ్లీచింగ్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాబట్టి ఈ విషయంలో నా మాట కొంచెం గట్టిగానే ఉంటుంది. ఇంట్లో క్లోరిన్ బ్లీచ్ నిజంగా అవసరమయ్యే బట్ట ఒక్కటే: రంగు, జరీ, సాగే దారం, మెరుగు పూత ఏవీ లేని తెల్లటి నూలు బట్ట. దుప్పట్లు, తువ్వాళ్లు, వంటింటి గుడ్డలు, సాదా పంచెలు. మిగిలిన వాటిలో చాలావాటికి ఆక్సిజన్ బ్లీచే. పట్టుకూ ఉన్నికీ మాత్రం రెండూ పనికిరావు. మిల్లుల్లో కూడా నూలు గుడ్డను తెల్లబరచడానికి ఒకప్పుడు క్లోరిన్ బ్లీచ్‌లో ఉండే హైపోక్లోరైట్ వాడినవాళ్లే చాలావరకు ఆక్సిజన్ బ్లీచ్‌లో పనిచేసే హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు మారిపోయారు. మనం మాత్రం ఆ పాత సీసానే పట్టుకుని కూర్చున్నాం.

మా చెల్లెలి కొడుకు పెళ్లయిన మర్నాటి సంగతి చెబుతాను. మంగళస్నానాలూ తలంబ్రాలూ అయ్యాక మగవాళ్ల బట్టలు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు. బావగారి జరీ అంచు నూలు పంచె, పట్టు ఉత్తరీయం, 'మడత పడదు' అని కొన్న తెల్ల చొక్కా, మూడింటి మీదా పసుపు. చెల్లెలు మూడింటినీ ఒకే బకెట్టులో వేసి, సీసాలోని బ్లీచ్ అంచనాగా గుమ్మరించి, రాత్రంతా నాననిచ్చింది. పొద్దున్నే పిలుపు వచ్చింది. "అన్నయ్యా, పసుపు పూర్తిగా పోయింది. కానీ ఉత్తరీయం చేతికి జిగటగా తగులుతోందేమిటి?"

వెళ్లి చూశాను. ఉత్తరీయం మీద పసుపు లేదు నిజమే, కానీ గుడ్డ మొత్తం పాత కాగితం రంగుకు తిరిగింది. కొసను వేళ్ల మధ్య పెట్టి కొంచెం లాగగానే పోగులు విడిపోయాయి. పట్టు, ఉన్ని రెండూ మాంసకృత్తులతో తయారైన పోగులు. హైపోక్లోరైట్ వాటిని తెల్లబరచదు, కరిగిస్తుంది. ఇది అతిశయోక్తి కాదు. ఒక గుడ్డలో ఉన్ని ఎంత, నూలు ఎంత అని తేల్చడానికి జౌళి పరీక్షశాలల్లో చేసే పద్ధతుల్లో ఇదీ ఒకటి. హైపోక్లోరైట్‌లో వేస్తే ఉన్ని కరిగిపోతుంది, నూలు మిగులుతుంది. కావాలంటే పాత పట్టుచీర కుచ్చులోంచి ఒక పోగు లాగి, గాజు గ్లాసులో కొంచెం బ్లీచ్ పోసి, కిటికీ దగ్గర పెట్టి చూడండి. పోగు ఉబ్బుతుంది, చుట్టూ బుడగలు వస్తాయి, కాసేపటికి కనిపించకుండా పోతుంది. పట్టు అని చెప్పి పాలిస్టర్ అంటగట్టారో లేదో కూడా దీంతో తెలిసిపోతుంది. పాలిస్టర్ అయితే చెక్కుచెదరదు.

పంచె తెల్లగా మెరుస్తోంది, కానీ అంచు జరీ నల్లబడింది. జరీలో ఉండేది వెండో రాగో. రెండింటికీ క్లోరిన్ సరిపడదు. మధ్య భాగం చూడటానికి బాగానే ఉన్నా రెండు చేతులతో పట్టుకుని లాగితే ముందున్న బిగువు లేదు. నూలు కూడా రాత్రంతా బ్లీచ్‌లో ఉంటే బలం కోల్పోతుంది. ఆ నష్టం ఆ రోజు కనిపించదు, నాలుగు ఉతుకుల తర్వాత చిరుగై బయటపడుతుంది.

ఇక చొక్కా. అది తెల్లబడకపోగా లేత మీగడ రంగుకు తిరిగింది. చెల్లెలికి అన్నిటికన్నా ఆశ్చర్యం దీనికే. బ్లీచ్ వేస్తే పచ్చబడటమేమిటని. రెండు కారణాలు. దుకాణంలో కొన్న తెల్లదనంలో సగం, గుడ్డకు పట్టించిన మెరుపు రసాయనానిది. అది ఎండలోని అతినీలలోహిత కాంతిని తీసుకుని నీలి మెరుపుగా బయటికి పంపుతుంది. క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. రెండోది, మడత పడకుండా పూసే కొన్ని రకాల రెజిన్లు క్లోరిన్‌ను పట్టుకుని వదలవు. ఆ చొక్కాను వేడి ఇస్త్రీ కిందికి తీసుకెళితే పట్టుకున్న క్లోరిన్ ఆమ్లంగా మారి గుడ్డను గోధుమ రంగుకు మాడుస్తుంది. ఇస్త్రీ అతన్ని తిట్టేవాళ్లలో సగం మంది తిట్టాల్సింది తమ బకెట్టునే.

ఆ ఇంట్లోనే అదే పసుపుతో పెళ్లికొడుకు పంచె ఇంకొకటి మిగిలింది. జరీ లేనిది, పక్కన సన్నని ఎరుపు గీత ఉన్నది. దాన్ని నేను తీసుకున్నాను. ఆక్సిజన్ బ్లీచ్ పొడి అంటే సోడియం పెర్కార్బొనేట్. నీళ్లలో పడగానే హైడ్రోజన్ పెరాక్సైడ్, బట్టల సోడా అని రెండుగా విడిపోతుంది. పని చేసేది పెరాక్సైడ్, దానికి ఊతం సోడా. మనవాళ్లు చల్లని కుళాయి నీళ్లలో వేసి, అరగంటకే తీసేసి, 'ఇది పనిచేయదు' అంటారు. దీనికి కావలసినవి వేడి, వ్యవధి. ప్లాస్టిక్ బకెట్టులో సగం మరిగే నీళ్లు, సగం మామూలు నీళ్లు కలిపితే సుమారు 60 డిగ్రీలు వస్తుంది. లీటరుకు ఒక టీ చెంచా చొప్పున పొడి వేసి, గింజ మిగలకుండా కరిగేదాకా కర్రతో కలిపి, అప్పుడే బట్ట ముంచాను. కరగని గింజ రంగు మీద కూర్చుంటే అక్కడ వెలిసిన చుక్క పడుతుంది.

ముంచగానే పసుపు మరక ఎర్రబడింది. చెల్లెలు బెంబేలెత్తింది. సోడా తగిలితే పసుపు ఎర్రబడుతుంది, కుంకుమ తయారీలో జరిగేదీ ఇదే. కంగారుపడి బట్టను బయటికి లాగకూడదు. మూడు గంటల తర్వాత ఎరుపు పోయి లేత నీడ ఒకటి మిగిలింది. బాగా జాడించి, తడిగానే మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరేశాను. పసుపుకు ఎండ పడదు. సాయంత్రానికి నీడ కూడా లేదు, ఎర్రగీత ఎలా ఉన్నది అలాగే ఉంది. రంగు బట్టల మీద దీన్ని వాడవచ్చు అనేది ఇందుకే. పెరాక్సైడ్ మరకల రంగును విరగ్గొట్టేంత బలమైనదే కానీ, నేడు నూలుకు అద్దే గట్టి రంగుల్లో చాలావాటిని కదిలించదు. క్లోరిన్‌కు ఆ విచక్షణ లేదు. ఒక్క చుక్క చిందినా నల్ల ప్యాంటు మీద నారింజ మచ్చ పడుతుంది, అది మరక కాదు కాబట్టి ఇక పోదు.

అయినా గుడ్డిగా నమ్మకండి. రంగు బట్టకు నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు, ఒక వంతు మరిగే నీళ్లకు నాలుగు వంతుల మామూలు నీళ్లు. ముందుగా లోపలి కుట్టు దగ్గర ఆ ద్రావణం రాసి, పావుగంట ఆగి, తెల్ల గుడ్డతో అద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే అక్కడితో ఆపండి. పెడన, శ్రీకాళహస్తి కలంకారీని మాత్రం పరీక్ష కూడా లేకుండా పక్కన పెట్టండి. ఆ నల్లగీతల్లో ఉండేది ఇనుము, బెల్లం, కరక్కాయల రసాయనం. సోడాకు ఆ సహజ రంగులు మారిపోతాయి. ఇనుము తగిలిన చోట పెరాక్సైడ్ ఒక్కసారిగా విరిగి, కింద ఉన్న నూలును తింటుంది. మిల్లులో యంత్రం నుంచి తుప్పు పొడి రాలి గుడ్డ మీద పడితే, పెరాక్సైడ్ నుంచి బయటికి వచ్చేసరికి సరిగ్గా అక్కడ సూది బెజ్జాలు కనిపించేవి. మీ ఇంట్లో తుప్పు మరక ఉన్న బట్టకు కూడా ఇదే వర్తిస్తుంది, ముందు తుప్పు తీయాలి. బోరు నీళ్లలో ఇనుము ఉంటే క్లోరిన్ బ్లీచ్ ఇంకో రకంగా చెడగొడుతుంది. నీళ్లలో కనిపించకుండా ఉన్న ఇనుమును తుప్పుగా మార్చి బట్టంతా గోధుమ రంగు పులుముతుంది.

సాగే దారం ఉన్న లెగ్గింగులు, బనియను ఎలాస్టిక్, సాక్సులు క్లోరిన్‌లో పడితే సాగే గుణం పోయి పెళుసుగా తెగిపోతాయి. నైలాన్ పచ్చబడుతుంది. ఆక్సిజన్ బ్లీచ్‌తో వీటికి ఆ గొడవ లేదు. పట్టుకు ఎందుకు వద్దన్నానంటే అందులోని సోడా వల్ల. మిల్లులో పట్టును కూడా పెరాక్సైడ్‌తోనే తెల్లబరుస్తారు, కానీ క్షారం బాగా తగ్గించి, కొలిచి చేస్తారు. ఇంట్లోని పొడికి ఆ లెక్క తెలియదు.

సాదా తెల్ల నూలు బట్టకు క్లోరిన్ వాడాలనుకుంటే 5 లీటర్ల చల్లటి నీళ్లకు 50 మి.లీ. చాలు, పది నిమిషాలు మించకూడదు. తర్వాత రెండు మూడుసార్లు జాడించండి. వాసన పోకపోతే అక్వేరియం దుకాణాల్లో దొరికే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, అర చెంచా బకెట్టు నీళ్లలో కలిపి ముంచితే క్లోరిన్ విరుగుతుంది. ఎవరో చెప్పారని నిమ్మరసమో వెనిగరో అదే నీళ్లలో కలపవద్దు. క్షారం తగ్గేకొద్దీ హైపోక్లోరైట్ నూలును మరింతగా తింటుంది, పైగా విషవాయువు లేస్తుంది. మరుగుదొడ్డి యాసిడ్‌తో కలిపితే ఇంకా ఘోరం. సీసా మీద ఈ హెచ్చరిక చీమ తలకాయంత అక్షరాల్లో వేసి, ముందు వైపు మాత్రం 'వంద శాతం తెల్లదనం' అని అరచేతి వెడల్పున వేసేవాళ్లను ఏమనాలో తెలియదు. ఆక్సిజన్ పొడి ప్యాకెట్ల మీదా నాకు ఫిర్యాదే. చాలావాటి మీద పెర్కార్బొనేట్ ఎంత శాతమో రాయరు. గుప్పెడు వేడి నీళ్లలో వేస్తే సన్నని నురగ రాకపోతే అది ఎక్కువగా బట్టల సోడాయేనని, లేదా తడి తగిలి చచ్చిందని అనుకోండి. కలిపిన నీళ్లను మాత్రం సీసాలో పోసి మూత బిగించి దాచవద్దు. ఆక్సిజన్ వాయువు పుడుతూనే ఉంటుంది, సీసా పగులుతుంది.

ఇక మీవారి చొక్కాలు. చంకల పచ్చదనం చెమట ఒక్కదానిదే కాదు, చెమట ఆపే స్ప్రేల్లోని అల్యూమినియం లవణం, చెమట, సబ్బు కలిసి పేరుకున్నది. దానికి క్లోరిన్ వేస్తే పచ్చదనం మరింత ముదురుతుంది. ఆ భాగం గట్టిగా అట్టలా ఉంటే ముందు వెనిగర్ కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి, వెనిగర్ వాసన పోయేదాకా జాడించండి. తర్వాత 60 డిగ్రీల నీళ్లలో ఆక్సిజన్ పొడి కరిగించి నాలుగు గంటలు ఉంచండి. అంతకు మించి ఉంచినా పెద్ద లాభం లేదు, ఆ నీళ్లలో పస అయిపోతుంది. మర్నాడు కొత్త నీళ్లతో మరోసారి చేయండి. కాలర్ వెనక లేబుల్ మీద ఖాళీ త్రికోణం ఉంటే ఏ బ్లీచైనా పరవాలేదు, లోపల రెండు ఏటవాలు గీతలుంటే ఆక్సిజన్ బ్లీచ్ మాత్రమే, కొట్టివేసి ఉంటే ఏదీ వద్దు. మీవారు ఆ లేబుళ్లు గీరుతున్నాయని కత్తిరించి పారేసే రకమైతే, రెండు గీతల త్రికోణం ఉందనే అనుకుని మొదలుపెట్టండి.