ఈల వేసే పెదవులు, ‘ఈ’ పలికే నాలుక: ఫ్రెంచి u, ou, r గురించి కొత్తగా వచ్చినవారికి

లియోన్‌లో మేము మూడో అంతస్తులో అద్దెకు దిగిన మొదటి చలికాలంలో, ఒక రాత్రి వంటగది పైకప్పు నుంచి నీళ్లు కారడం మొదలైంది. భవనం చూసుకునే పెద్దమనిషికి ఫోన్ చేసి, నీళ్లు పై ఇంటి నుంచి వస్తున్నాయని చెప్పాను. ఫ్రెంచిలో పైన అంటే dessus, కింద అంటే dessous. రెండు మాటలకూ తేడా చివరి అచ్చులో మాత్రమే ఉంది. నా నోట మాత్రం రెండూ ‘దెసూ’ అనే వచ్చేవి. ఎదురుగా ఉంటే వేలు పైకి చూపించేవాడిని, ఫోనులో ఆ వీలు లేదు. ఆయన వెళ్లి మా కింద రెండో అంతస్తువారి తలుపు తట్టారు. అక్కడ అంతా పొడిగా ఉంది. ఆయన మా ఇంటికి వచ్చి పైకప్పు చూసేసరికి నేల మీద రెండు తువ్వాళ్లు తడిసి ముద్దయ్యాయి.

తెలుగువారు నన్ను ఎక్కువగా అడిగేది r గురించి. గొంతులోంచి వచ్చే ఆ శబ్దం కొత్తగా వినిపిస్తుంది కాబట్టి ముందు దాని మీదే కష్టపడతారు. నేను మాత్రం u దగ్గర మొదలుపెట్టమంటాను. మన ‘ర’తో ‘మెర్సీ’ అంటే వినేవారికి అది యాసగా తోస్తుందే తప్ప మాట మారిపోదు. u బదులు ఊ పలికితే మాటే మారిపోతుంది. Je suis sûr అంటే ‘నాకు కచ్చితంగా తెలుసు’, Je suis sourd అంటే ‘నాకు చెవుడు’. రెండో మాటలో చివరి d పలకదు కాబట్టి, చెవికి అందే తేడా u, ou మధ్య ఉన్నదే.

ముందు తేలికైనది చూద్దాం. ou అంటే మన ఊ. ‘ఊరు’ అన్నప్పటి నాలుకే ఇక్కడా సరిపోతుంది, అది నోటి వెనక్కి జరిగి ఉంటుంది. పెదవులను మాత్రం మనం ‘ఊరు’కు చుట్టేదానికన్నా కొంచెం ఎక్కువ గుండ్రంగా, ముందుకు పెట్టాలి.

u మనకు లేని అచ్చు, అయితే దాన్ని తయారు చేసే ముక్కలు రెండూ మన దగ్గరే ఉన్నాయి. నాలుక ‘ఈ’ది, పెదవులు ‘ఊ’వి. ‘ఈల’ అనే మాట గుర్తుంచుకోండి. అందులోని ‘ఈ’ని సాగదీసి పలకండి. నాలుక కొన కింది పళ్ల వెనుక ఆని ఉంటుంది, నాలుక అంచులు పైదవడ పళ్లకు రెండు పక్కలా తగులుతుంటాయి. ఆ తగులుడు మీకు స్పష్టంగా తెలియాలి. ఇప్పుడు గొంతు ఆపకుండా, నాలుకను వెంట్రుకవాసి కూడా కదపకుండా, నిజంగా ఈల వేయబోతున్నట్లు పెదవులను చుట్టండి. అప్పుడు వచ్చే శబ్దమే u.

ఇక్కడ జరిగే పొరపాటు దాదాపు అందరిదీ ఒకటే. పెదవులు గుండ్రంగా కాగానే నాలుక అలవాటుగా వెనక్కి పారిపోతుంది, ఎందుకంటే తెలుగులో ఆ రెండూ ఎప్పుడూ కలిసే కదులుతాయి. పరీక్ష ఇలా చేయండి. u అనుకుంటూ పలుకుతూ పలుకుతూ పెదవులను చటుక్కున వదులు చేయండి. ‘ఈ’ వినిపిస్తే నాలుక చోటు తప్పలేదు. మొద్దుగా ఇంకేదో శబ్దం వస్తే నాలుక జారిపోయింది, మళ్లీ ‘ఈ’ దగ్గరికి రండి. గుసగుసగా పలికి చూసినా తెలుస్తుంది. గొంతు లేకుండా ఈ, u, ఊ అని వరుసగా ఊదితే స్థాయి మెట్లు దిగుతున్నట్లు పడిపోతుంది. u ఆ మెట్లలో ‘ఈ’కి దగ్గరగా ఉండాలి. ఊ పక్కకు చేరిపోతే తప్పు.

ఇంగ్లీషు బాగా అలవాటైనవారిది వేరే పొరపాటు. వారు u చూడగానే ‘యూ’ అంటారు, tu ‘త్యూ’ అవుతుంది, une ‘యూన్’ అవుతుంది. నాలుక ‘ఈ’లో మొదలై ‘ఊ’లో ముగుస్తుంది, అంటే ఒకేసారి పలకవలసిన రెండింటిని ఒకదాని వెనుక ఒకటి పలుకుతున్నారన్నమాట. అద్దం ముందు నిలబడి u ని మూడు సెకన్లు పట్టి ఉంచండి. మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా పెదవులు కదలకూడదు. une లాంటి మాటలకు గొంతు విప్పకముందే పెదవులు చుట్టి సిద్ధంగా ఉండాలి, అప్పుడు ‘య’ దూరడానికి చోటు ఉండదు.

చాలామంది u, ou మాటలను జతలుగా సాధన చేస్తారు. ముగ్గురు అక్కచెల్లెళ్లలా మూడేసి మాటలు పట్టుకోవడం ఇంకా మేలని నా అనుభవం:

```
vie   vue   vous
lit   lu    loup
si    su    sous
riz   rue   roue
```

అడ్డంగా చదవండి. మొదటి మాట నుంచి రెండో మాటకు వెళ్లేటప్పుడు పెదవులు మాత్రమే కదలాలి. రెండో దాని నుంచి మూడో దానికి వెళ్లేటప్పుడు పెదవులు అలాగే ఉండి నాలుక మాత్రమే వెనక్కి వెళ్లాలి. ఏది ఎప్పుడు కదులుతోందో ఈ వరుసల్లో విడివిడిగా తెలుస్తుంది, జతల్లో అది తెలియదు. అర్థాలు కూడా పట్టుకోండి: జీవితం, చూపు, మీరు, మంచం, చదివిన, తోడేలు, ఒకవేళ, తెలిసిన, కింద, అన్నం బియ్యం, వీధి, చక్రం. చివర కనిపించే t, p, s, z లు ఏవీ పలకవు. మొదటి మూడు వరుసలు నిలదొక్కుకునే వరకు నాలుగో వరుస జోలికి వెళ్లకండి, దానికి r కావాలి.

ఇప్పుడు r. మన ‘ర’కు నాలుక కొన పైకి లేచి పళ్ల వెనుక ఒక్కసారి తాకుతుంది. ఫ్రెంచి r లో కొనకు పనే లేదు. అది కింది పళ్ల వెనుక పడుకుని ఉంటుంది. నాలుక వెనుక భాగం లేచి కొండనాలుకకు దగ్గరవుతుంది, మధ్యలో మిగిలిన సన్నని సందులోంచి గాలి ఒరుసుకుంటూ పోతుంది. హైదరాబాదులో ఉర్దూ వింటూ పెరిగినవారికి సగం పని అయినట్లే. ఉర్దూ మాట్లాడేవారు ‘గజల్’లో మొదటి అక్షరాన్ని గొంతు దగ్గర ఎలా ఒరిపిస్తారో, ఫ్రెంచి r దానికి చాలా దగ్గర. అలా వినని వారు ‘ఆగా’ దగ్గర మొదలుపెట్టండి. ‘గ’లో నాలుక వెనుక భాగం పైకి తగిలి గాలిని పూర్తిగా ఆపుతుంది. ‘ఆగా, ఆగా’ అంటూ ఆ తగులుడును వదులు చేస్తూ, కొంచెం ఇంకా వెనక్కి జరుపుతూ పోండి. గాలి ఆగకుండా జారిపోయే క్షణం వస్తుంది. అదే r.

గొంతులో నీళ్లు పోసుకుని పుక్కిలించమని చాలామంది చెబుతారు. కొండనాలుక ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒకసారి చేసి చూడండి, అంతకు మించి వద్దు. పుక్కిలింతలో కొండనాలుక గలగలా కొట్టుకుంటుంది, ఈనాటి మామూలు ఫ్రెంచి మాటలో అంత మోత ఉండదు. మాట చివర, రెండు అచ్చుల మధ్య అది మరీ పలచన. Bonjour చివర ఒక చిన్న ఒరుపు మాత్రమే వినిపిస్తుంది. అక్కడ మనవారు చేసే మరో పని, చివర ఒక ‘ఉ’ చేర్చి ‘బోన్జూరు’ అనడం. హల్లుతో మాటను ఆపేయడం తెలుగు నోటికి కొత్త, కాబట్టి ఆ ‘ఉ’ మీద కన్నేసి ఉంచండి. సాధన చేస్తుండగా గొంతు నొప్పి పుడితే బలం ఎక్కువ పెడుతున్నారని అర్థం. ఆ రోజుకు ఆపేయండి.

మాటల్లో r ని ఏ వరుసలో ఎక్కించాలన్నది ముఖ్యం. క, గ ల పక్కన r సులువు, ఎందుకంటే నాలుక వెనుక భాగం అప్పటికే లేచి ఉంటుంది. కాబట్టి gris, gros, croix ముందు. ఆ తరువాత Paris లాంటివి. trois, train, droite చివరికి ఉంచండి. t, d పలకడానికి నాలుక కొన పైకి వెళ్తుంది, వెళ్లింది కదా అని మన ‘ర’ కూడా పలికేస్తుంది. శుభ్రమైన వేలి కొనతో నాలుక కొనను కింది పళ్ల వెనుక నొక్కి పట్టి ‘ra’ అనేది పదిసార్లు పలికి, వెంటనే వేలు తీసి trois అని చూడండి. p, t, k తరువాత r లో గొంతు మోగదు, ‘ఖబర్’లోని ఉర్దూ ఖ లాంటి వట్టి గాలి వినిపిస్తుంది. అలా రావడం తప్పు కాదు, trois నిజంగానే అలా ఉంటుంది.

ఇక rue. ఇళ్ల చిరునామాల్లో రోజూ పలకవలసిన మాట, అందుకే కొత్తవారిని ఇంతగా ఏడిపిస్తుంది. r కోసం నాలుక నోటి చిట్టచివర ఉంటుంది, u కోసం అది నోటి ముందుకు రావాలి. ఆ ప్రయాణం మధ్యలో ఆగిపోతే ‘రూ’ అవుతుంది, అంటే roue, చక్రం. roue సులువు, r, ou రెండూ వెనుకవే. కనుక rue ని roue వైపు నుంచి పట్టుకోవద్దు. riz వైపు నుంచి రండి. riz ని బాగా సాగదీసి, ‘ఈ’ స్థిరపడ్డాక పెదవులు చుట్టండి. రెండు మూడు రోజుల తరువాత r పలుకుతున్నప్పుడే పెదవులు చుట్టి ఉంచండి. అప్పుడు నాలుకకు ఒక్కటే పని మిగులుతుంది, ‘ఈ’కి రావడం.

నోటికి వచ్చిందనుకున్నది నిజంగా వచ్చిందో లేదో మన చెవి చెప్పదు, దానికి ఇంకా రెండూ ‘ఊ’లే. ఫ్రెంచివారినో ఎప్పటినుంచో ఇక్కడ ఉంటున్నవారినో పక్కన కూర్చోబెట్టుకోండి. ముందు వారు dessus, dessous కలగలిపి పదిసార్లు పలకాలి, మీరు వేలు పైకో కిందికో చూపాలి. తరువాత మీరు ఒక కాగితం మీద పది మాటలు మీకు తోచిన వరుసలో రాసుకుని చదవండి, వారు విన్నది రాయాలి. పదికి ఐదు సరిపోతే అది గుడ్డి లెక్కే, తేడా ఇంకా రాలేదని అర్థం. వరుసగా మూడు రోజులు తొమ్మిది దాటితే Tu as tout vu అనే వాక్యానికి వెళ్లండి. అర్థం ‘నువ్వు అంతా చూశావు’. అందులో u, ou, u వెంటవెంటనే వస్తాయి. నెమ్మదిగా పలికినప్పుడు బాగున్నది వేగంలో చెడితే, ఎక్కువగా మధ్యలోని tout చివరి vu ని తన వైపు లాగేస్తుంటుంది.

మాంట్రియల్ వెళ్లినవారికి ఒక మాట. కెబెక్ ఫ్రెంచిలో i, u ల ముందు t వస్తే వెంట ఒక ‘స’ కూడా పలుకుతుంది. tu వారి నోట మన ‘చుక్క’, ‘చాప’లలోని దంత్య చ లాగా మొదలవుతుంది. tout లో ఆ ‘స’ ఉండదు. అక్కడ ఉన్నవారు ఆ హల్లును బట్టే ఏది tu, ఏది tout అన్నది వినగలరు. ఫ్రాన్సులో ఉన్నవారికి ఆ ఆధారం లేదు, అచ్చునే వినాలి.