"స్పీచ్ ఒకటి రాసిపెట్టు" అన్నవాళ్ళకి

చి. అల్లుడికి ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. నీ జిరాక్స్ షాపుకొచ్చి ఒకాయన ఫేర్‌వెల్‌కీ, ఇంకొకాయన పెళ్ళికీ స్పీచ్ టైపు చేసిపెట్టమన్నారనీ, వివరాలేమీ చెప్పకుండా వెళ్ళిపోయారనీ రాశావు. ఎలా మొదలుపెట్టాలి అని అడిగావు. మొదలుపెట్టకు. ముందు ఫోన్ చెయ్యి.

వివరాలు లేకపోతే మన భాషలో రెండో వాక్యానికే చిక్కుపడతావు. "వెళ్తున్నావు" అనాలా, "వెళ్తున్నారు" అనాలా? "ఆయన" అనాలా, "ఆవిడ" అనాలా? మాట్లాడేది ఆఫీసరా, అటెండరా? ఇవి తెలియకుండా క్రియ పూర్తికాదు. పైగా ఫేర్‌వెల్ అంటే మనవాళ్ళకి రిటైర్మెంటూ, బదిలీ, కాలేజీలో సీనియర్లకిచ్చే పార్టీ, మూడూను. బదిలీ అయిన మనిషికి "విశ్రాంత జీవితం" అని రాస్తే సభంతా నవ్వుతుంది.

నవ్వితే ఫరవాలేదు. నేను చేసిన తప్పు అంతకంటే పెద్దది. తెలుగు మాస్టారిగా ఉన్న రోజుల్లో ఓ హెడ్మాస్టరు రిటైర్మెంటుకి, ఆయన్ని నేనెప్పుడూ చూడకుండానే, ఎవరికో స్పీచ్ రాసిచ్చాను. అలవాటు ప్రకారం "ఈ విజయం వెనుక శ్రీమతిగారి సహకారం" అని ఒక వాక్యం పడేశాను. ఆవిడ పోయి నాలుగు నెలలైందట. చదివేవాడు కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివేశాడు. ముందు వరుసలో కూతురు తల దించేసుకుందని తర్వాత చెప్పారు. అప్పట్నుంచీ నా మొదటి ప్రశ్న ఒకటే: "ముందు వరుసలో ఎవరెవరు కూర్చుంటారు?" ఆ జవాబులోనే సగం వివరాలు వచ్చేస్తాయి.

రెండోది, "ఆయన ఎలాంటివాడు?" అని ఎప్పుడూ అడక్కు. "చాలా మంచాయన సార్" అంటారు, అక్కడితో అయిపోతుంది. ఒకసారి స్పీచ్ కోసం వచ్చిన ఓ స్కూలు అటెండరు వాళ్ళ సారు గురించి అలాగే అన్నాడు. "ఆయనా నువ్వూ ఇద్దరే ఉన్న రోజేదైనా చెప్పవయ్యా" అన్నాను. కాసేపాగి చెప్పాడు: ఆదివారం వాన, స్టోర్ రూములో కప్పు కారుతోంది, మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు తడుస్తున్నాయి. ఫోన్ చేస్తే సారు గొడుగు కూడా లేకుండా వచ్చారు. యాభై కిలోల బస్తాకి ఒక కొస ఇతను, ఇంకో కొస సారు. అలా పదకొండు బస్తాలు వరండా దాటించారు. "మర్నాడు మీటింగుకి కూడా నడుం పట్టుకునే వెళ్ళారు సార్" అన్నాడు. అతను చెప్పినట్టే, అతని మాటల్లోనే రాశాను. పైన "అందరికీ నమస్కారం", కింద "సారూ, ఇక బరువులు ఎత్తకండి". అంతే స్పీచ్.

అది రెండు నిమిషాలు కూడా లేదు. వేదిక మీద ఆగి ఆగి చదివితే నిమిషానికి ఎనభై, తొంభై మాటలకంటే సాగవని నా లెక్క. మూడు నిమిషాలంటే రెండువందల యాభై మాటలు దాటకు. ఇచ్చే ముందు స్పీచ్ చదివే ఆయన చేతే ఒకసారి పైకి చదివించు. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ మాట మార్చెయ్యి. నీకు "చిరస్మరణీయం" ముద్దే, ఆయనకి మైకు ముందు గండం. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, వాక్యం పేజీ చివర విరక్కూడదు.

ఫోన్ ఎత్తకపోతే? గాలిమాటలతో నింపకు. వెళ్ళే మనిషిని నేరుగా "మీరు" అని సంబోధిస్తూ రాయి. ఆడా మగా అన్న చిక్కు పోతుంది. మధ్యలో నాలుగు గీతలు ఖాళీ వదిలి, "ఇక్కడ మీరు కళ్ళారా చూసిన ఒక రోజు చెప్పండి" అని రాసిపెట్టు. ఆ ఖాళీ చూస్తే ఆయనకే ఏదో ఒకటి గుర్తొస్తుంది.

పెళ్ళిదానికి ఇంకో సుళువుంది. "మీ ఇద్దరూ" అని రాస్తే పెద్దవాళ్ళ నోట్లోనూ, స్నేహితుల నోట్లోనూ ఇముడుతుంది. మన పెళ్ళిలో ముహూర్తం దగ్గర స్పీచ్‌కి చోటే లేదు, మేళం మధ్య ఎవరు వింటారు? మైకు దొరికేది రిసెప్షన్‌లో, అదీ జనం ఫోటో లైన్లో సగం, భోజనాల దగ్గర సగం ఉన్నప్పుడు. కాబట్టి రెండు నిమిషాలు చాలు. కానీ ఆడపెళ్ళివారా, మగపెళ్ళివారా అన్నది మాత్రం కనుక్కోవాల్సిందే. "మా ఇంటికొచ్చిన పిల్ల" అనే మాట అమ్మాయి మేనమామ చదివితే ఏమవుతుందో ఊహించుకో.

ఫేర్‌వెల్ ఆయన చెప్పిన రోజు ఏదో నాకూ పంపు, చూస్తాను. అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

మీ మామయ్య