రాక్ ఎల్పీల అట్టలు చూడటానికేనా, పాట వినే తీరును కూడా మార్చాయా?

ప్రశ్న: "నేను పాత రాక్ ఆల్బమ్‌లన్నీ ఫోన్‌లోనే విన్నాను. ఆ కాలపు అభిమానులు అట్ట గురించి, తెరిస్తే కనిపించే బొమ్మ గురించి, వెనుక రాసిన మాటల గురించి అంతగా ఎందుకు చెప్పుకుంటారు? వాటివల్ల వినడంలో నిజంగా తేడా వచ్చేదా?"

వచ్చేది. 1960ల మధ్య వరకు రికార్డు అట్ట దుకాణంలో నిలబడ్డ కొనుగోలుదారుతో మాట్లాడేది. 1967 నుంచి అది రికార్డును కొని ఇంటికి తెచ్చుకున్న మనిషితో, అదీ పాట మోగుతున్న సమయంలోనే మాట్లాడటం మొదలుపెట్టింది. నా దృష్టిలో అసలు మార్పు ఇదే. దీన్ని నాకు బాగా పరిచయమైన రెండు ఆల్బమ్‌ల ఆధారంగా వివరిస్తాను. మా పెదనాన్నగారు డెబ్భైలలో ఇంగ్లండులో వైద్యుడిగా పనిచేసి, తిరిగి వస్తూ తెచ్చుకున్న ఎల్పీలలో ఈ రెండూ ఉండేవి. నేను వాటిని విశాఖపట్నంలో ఆయన ఇంట్లోనే విన్నాను.

ముందు పాత పద్ధతి ఎలా ఉండేదో చెప్పాలి. 1963లో వచ్చిన బీటిల్స్ మొదటి ఎల్పీ 'ప్లీజ్ ప్లీజ్ మీ' అట్ట వెనుక వైపు చిన్న అక్షరాలతో నిండి ఉంటుంది. ఆ వ్యాసం రాసిన టోనీ బారో ఆ బృందం ప్రచార వ్యవహారాలు చూసిన వ్యక్తి. ఆ రోజుల్లో లైనర్ నోట్స్ అంటే చాలావరకు ఇలాంటివే. ఈ కుర్రాళ్లు ఎవరు, వీరి రికార్డు ఎందుకు కొనాలి అనే విషయాన్ని ఒక పరిచయకర్త కొనేవారికి నచ్చజెప్పేవాడు. ఆ పేరాలు ఒకసారి చదివితే చాలు, పాట వింటూ మళ్లీ మళ్లీ చూడవలసింది వాటిలో ఉండేది కాదు.

1967లో వచ్చిన బీటిల్స్ ఆల్బమ్ 'సార్జెంట్ పెపర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' ఆ పరిచయకర్తను పక్కకు తప్పించింది. అట్ట వెనుక ఎర్రటి నేపథ్యం మీద పాటల సాహిత్యం మొత్తాన్ని, రికార్డులో మోగే వరుసలోనే అచ్చువేశారు. ప్రధానమైన రాక్ ఆల్బమ్‌లలో ఇలా చేసిన మొదటిది ఇదేనని సాధారణంగా గుర్తిస్తారు. పుస్తకంలా తెరుచుకునే గేట్‌ఫోల్డ్ అట్టను విప్పితే పసుపు నేపథ్యంలో బృందంలోని నలుగురూ సూటిగా మనవైపు చూస్తున్న పెద్ద ఫొటో ఉండేది. దానితోపాటు కత్తిరించుకోవడానికి ఒక అట్టముక్క కూడా ఇచ్చారు. మీసం, బ్యాడ్జీలు, భుజానికి అంటించుకునే చారలు అందులో ఉండేవి.

మనకు పాటల సాహిత్యం అచ్చులో దొరకడం కొత్త కాదు. సినిమా హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. కాని ఆ పుస్తకాన్ని మనం సినిమాకు ముందో వెనుకో చదువుకునేవాళ్లం. ఎల్పీ అట్ట మీది సాహిత్యం అలా కాదు, రికార్డు తిరుగుతుండగానే కన్ను ఆ పాదం మీద ఉండేది. ఇంగ్లీషు పాటను చెవితో మాత్రమే పట్టుకోలేని మాలాంటివారికి ఆ అచ్చు మరింత అవసరమైంది. లివర్‌పూల్ యాసలో సగం జారిపోయే మాటలు కాగితం మీద చూస్తూ వింటే రెండోసారికే స్పష్టంగా వినిపించేవి. అంతకుముందు రాగం కోసం విన్న పాటను అప్పటినుంచి కథ కోసం కూడా వినడం నాకు అలవాటైంది.

ముందువైపు బొమ్మలో జరిగిన ఒక సంగతి భారతీయ పాఠకులు తప్పక తెలుసుకోవాలి. అందులో బీటిల్స్ చుట్టూ ప్రసిద్ధ వ్యక్తుల బొమ్మలు గుంపుగా నిలబడి ఉంటాయి. చిత్రకారులైన పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ దంపతులు రూపొందించిన ఆ గుంపులో పరమహంస యోగానంద, ఆయన గురువు శ్రీ యుక్తేశ్వర్ గిరి, లాహిరీ మహాశయులు, మహావతార్ బాబాజీ ఉన్నారు. వారిని ఎంపిక చేసినది బీటిల్స్‌లో ఒకడైన జార్జ్ హ్యారిసన్. గాంధీజీ బొమ్మను కూడా నిలబెట్టి ఫొటో తీశారు గాని, భారతదేశంలో అభ్యంతరం వస్తుందని వారి రికార్డు కంపెనీ ఇ.ఎమ్.ఐ. అధిపతి జోసెఫ్ లాక్‌వుడ్ భయపడటంతో దాన్ని అచ్చుకు ముందే చెరిపివేశారు. ఆ గుంపులో ఎవరెవరు ఉన్నారో చెప్పే పట్టిక అప్పటి అట్ట మీద లేదు. అందుకే అభిమానులు రికార్డు తిరుగుతున్నంతసేపూ ఒక్కొక్క ముఖాన్నీ గుర్తుపట్టే పనిలో ఉండేవారు. పెదనాన్నగారు మాకు మొదట చూపించినది కూడా యోగానంద ముఖాన్నే.

అట్టను ఇంత శ్రద్ధగా చదవడం వల్ల చెడు ఫలితం కూడా వచ్చింది. 1969 శరత్కాలంలో బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్‌నీ ఎప్పుడో చనిపోయాడని, అతని స్థానంలో మరొకరు ఉన్నారని అమెరికాలో ఒక వదంతి పుట్టింది. దానికి 'సాక్ష్యాలు' చాలావరకు అట్టల నుంచే ఏరుకొచ్చారు. సార్జెంట్ పెపర్స్ వెనుక ఫొటోలో ముగ్గురు మనవైపు తిరిగి ఉండగా పాల్ ఒక్కడే వీపు చూపుతాడు. లోపలి ఫొటోలో అతని చేతి మీది గుడ్డ బిళ్లపై 'ఓ.పి.డి.' అని ఉందనీ, అది మరణాన్ని అధికారికంగా ధ్రువీకరించే మాటలకు పొడి అక్షరాలనీ నమ్మారు. నిజానికి ఆ బిళ్ల కెనడాలోని ఒంటారియో ప్రావిన్షియల్ పోలీసులది. దాని మీద ఉన్నది 'ఓ.పి.పి.', గుడ్డ మడత పడటం వల్ల చివరి అక్షరం మరోలా కనిపించింది. ఈ పొరపాటు అట్టను చేతిలో పట్టుకుని చూస్తే ఇప్పటికీ అర్థమవుతుంది. ముప్పై సెంటీమీటర్లకు పైగా వెడల్పున్న ఫొటోలో ఆ బిళ్ల సందేహం రేపేంత పెద్దగా ఉంటుంది గాని, సందేహం తీర్చేంత స్పష్టంగా ఉండదు. వెతికితే ఏదో దొరుకుతుందనే నమ్మకాన్ని అట్టే కలిగించింది కాబట్టి, లేనిది కూడా దొరికినట్టు అనిపించడం వింత కాదు.

రెండో ఉదాహరణ 1973 మార్చిలో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'. హిప్‌నోసిస్ అనే డిజైన్ సంస్థకు చెందిన స్టార్మ్ థార్గెర్సన్, ఆబ్రీ పావెల్ దీని అట్టను రూపొందించగా, పట్టకం బొమ్మను జార్జ్ హార్డీ గీశారు. ముందువైపు బృందం పేరు గాని, ఆల్బమ్ పేరు గాని లేవు. నల్లని నేపథ్యం మీద ఎడమ నుంచి సన్నని తెల్లని కాంతి పట్టకంలోకి వెళ్లి, కుడివైపు రంగులుగా విడిపోతుంది. ఆ రంగులు ఆరే, ఇంద్రధనుస్సులోని ఏడింటిలో ఒకటి తగ్గించి గీశారు.

బొమ్మ అక్కడితో ఆగిపోదు. అట్టను తెరిస్తే ఆ రంగుల చారలు లోపలి రెండు పేజీల మీదుగా సాగుతాయి. వాటిలో ఆకుపచ్చ చార ఒకచోట ఆస్పత్రిలో గుండె కొట్టుకోవడాన్ని చూపే గీతలాగా పైకి ఎగిరి కిందికి దిగుతుంది. రంగులను లోపలికి కొనసాగించాలన్న సూచన బృందంలోని రోజర్ వాటర్స్‌ది. వెనుకవైపు తలకిందులుగా ఉన్న పట్టకం ఆ రంగులను మళ్లీ ఒక్క తెల్లని గీతగా కలుపుతుంది. అందువల్ల దుకాణంలో అట్టలను పక్కపక్కన పేర్చితే గీత ఎక్కడా తెగకుండా సాగిపోయేది.

ఇప్పుడు రికార్డు పెట్టండి. మొదట వినిపించేది గుండె చప్పుడు, చివరి పాట తరువాత మిగిలేది కూడా అదే. ఒడిలో తెరిచి ఉన్న అట్ట మీద అదే గుండె గీతగా కనిపిస్తుంటే, ఈ పాటలు విడివిడివి కావు, ఒకే వస్తువు అన్న సంగతి ఎవరూ చెప్పకుండానే శ్రోతకు అర్థమయ్యేది. లోపలి పేజీలలో ఆ చారల దగ్గరే పాటల సాహిత్యం ఉంది. ఆ బృందం ఆల్బమ్‌లలో సాహిత్యాన్ని అట్ట మీద అచ్చువేసినది ఇదే మొదటిసారి.

నాకు ఎక్కువ ఉపయోగపడినది ఆ పేజీలలో లేని భాగం. పాటల మధ్య కొందరు మామూలుగా మాట్లాడే మాటలు, నవ్వులు వినిపిస్తాయి. స్టూడియో కాపలాదారుతో సహా అక్కడ ఉన్నవారిని ప్రశ్నలు అడిగి రికార్డు చేసిన జవాబులవి. సాహిత్యం పక్కన వాటిని అచ్చువేయలేదు. వేలితో పాదాలు వెంబడిస్తూ వింటున్నప్పుడు కాగితం మీద లేని గొంతు హఠాత్తుగా వస్తే, మేము పిల్లలం పేజీ అంతా వెతికి, దొరకక స్పీకరు దగ్గరికి జరిగేవాళ్లం. పాడిన మాట ఏది, పక్కనుంచి వచ్చిన మాట ఏది అని వేరుచేసి వినడం ఆ వెతుకులాటలోనే అలవడింది.

దీనికి పరిమితులు కూడా ఉన్నాయి. ఈ అనుభవం ఎల్పీ కొనగలిగినవారిదే. తరువాత మా తరంలో ఎక్కువమంది క్యాసెట్ల మీదే విన్నారు, అక్కడ అదే బొమ్మ అరచేతిలో సగమంత అయిపోయింది. సీడీ పెట్టె మూతలోని బొమ్మ వైశాల్యం ఎల్పీ అట్టలో దాదాపు ఏడో వంతు మాత్రమే. అట్టతో ప్రయోగాలు రికార్డునే పాడుచేసిన సందర్భమూ ఉంది. 1971లో రోలింగ్ స్టోన్స్ 'స్టికీ ఫింగర్స్' అట్టకు నిజమైన జిప్పు పెడితే, రవాణాలో ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు అది పక్క రికార్డు మీది గాడులను నొక్కేసింది. జిప్పును సగానికి దించి పెట్టడంతో ఆ ఒత్తిడి మధ్యనున్న లేబుల్ మీద పడి పాట బతికింది.

చివరిగా, అట్ట మీది పేర్లను నమ్మేటప్పుడు జాగ్రత్త అవసరం. సార్జెంట్ పెపర్స్ అట్ట మైనపు బొమ్మలు ఇచ్చిన మేడమ్ టుస్సాడ్స్ పేరును చెప్పింది గాని, రెండో వైపు మొదటి పాటలో దిల్‌రుబా, తబలా వాయించిన లండన్‌లోని భారతీయ కళాకారుల పేర్లను చెప్పలేదు. డార్క్ సైడ్‌లో 'ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై'కి మాటలు లేకుండా గొంతుతో ప్రాణం పోసిన క్లేర్ టోరీని గాయనిగా పేర్కొన్నారు, కూర్పు మాత్రం బృందంలోని రిచర్డ్ రైట్ ఒక్కరిదే అని వేశారు. ఆమె 2004లో కోర్టుకు వెళ్లారు, 2005లో రాజీ కుదిరింది. ఆ తరువాతి ముద్రణలలో కూర్పు దగ్గర ఆమె పేరు కూడా చేరింది. కాబట్టి మీరు ఈ ఆల్బమ్ కొనదలిస్తే, పాత ప్రతినీ 2005 తరువాతి ప్రతినీ పక్కన పెట్టుకుని ఆ ఒక్క పాట వివరాలను పోల్చి చూడండి.