ఓపెన్ రాన్‌లో లాభం ఎక్కడ, దెబ్బ తగిలేది ఎక్కడ (ఒక ఫ్రంట్‌హాల్ అనుభవం)

"ఒక ఆపరేటర్ దగ్గర నెట్‌వర్క్ ప్లానింగ్‌లో ఉన్నా. ఓపెన్ రాన్ అయితే రేడియో ఒకరి దగ్గర, సాఫ్ట్‌వేర్ ఇంకొకరి దగ్గర కొనుక్కోవచ్చు, ఒకే వెండర్‌కి కట్టుబడి ఉండక్కర్లేదు అంటున్నారు. ఫీల్డ్‌లో చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, నిజంగా లాభమా, రిస్కా?"

నేను కొన్నేళ్ళుగా ఇంటిగ్రేషన్ పనిలోనే ఉన్నా, హైదరాబాద్‌లో ల్యాబ్, బయట సైట్లు రెండూ చూశా. లాభం ఉందండి, కాదనను. కాకపోతే ఆ లాభం రేటు మాట్లాడే రోజే కనిపిస్తుంది, ఖర్చు మాత్రం రెండు కంపెనీల డబ్బాలు కలిసే ఫైబర్ దగ్గర, సైట్లు ఎక్కాక మెల్లగా బయటపడుతుంది. నాకు జరిగినదే చెప్తా, దాంట్లో రెండూ ఉన్నాయి.

ముందు బేస్ స్టేషన్ పనిని ఎక్కడ కోశారో తెలియాలి. పాత పద్ధతిలో టవర్ మీద రేడియో, కింద బేస్‌బ్యాండ్, రెండూ ఒకే వెండర్‌వి, మధ్యలో సీప్రీ లింకు. సీప్రీ పేరుకి అందరికీ కామనే, కానీ లోపల ఎవరికి వాళ్ళు తమ పద్ధతిలో నింపుకున్నారు, అందుకే ఒకరి రేడియో ఇంకొకరి బేస్‌బ్యాండ్‌కి తగిలేది కాదు. 2018లో ఏటీ అండ్ టీ, చైనా మొబైల్, డాయిష్ టెలికామ్, ఎన్‌టీటీ డొకోమో, ఆరెంజ్ కలిసి ఓ-రాన్ అలయన్స్ పెట్టాయి, అక్కడ ఈ లింకుని అందరికీ ఒకేలా రాశారు. దాన్ని 7.2ఎక్స్ స్ప్లిట్ అంటాం. ఎఫ్ఎఫ్‌టీ లాంటి కింది పని టవర్ మీది రేడియో, అంటే ఆర్‌యూ చేస్తుంది, మిగతా ఫిజికల్ లేయర్, షెడ్యూలర్ అన్నీ కింద సర్వర్‌లో నడిచే డీయూ చూసుకుంటుంది. అక్కడే ఎందుకు కోశారంటే, 100 మెగాహెర్ట్జ్, 64 యాంటెన్నాల రేడియో నుంచి ముడి శాంపిల్స్ యథాతథంగా పంపితే సెకనుకి 236 గిగాబిట్లు దాకా అవుతుంది (122.88 మిలియన్ శాంపిల్స్, ఒక్కోదానికి 30 బిట్లు, 64 యాంటెన్నాలు, గుణించి చూడండి), అదే ఎఫ్ఎఫ్‌టీ తర్వాత లేయర్ల డేటా మాత్రమే పంపితే మామూలు 25 గిగాబిట్ లింకులో పడుతుంది.

డీయూకి, దాని పైన ఉండే సీయూకి మధ్య ఇంకో లింకు ఉంది, ఎఫ్1. దాన్ని 3జీపీపీ రాసింది, అది మిల్లీసెకన్ల ఆలస్యం తట్టుకుంటుంది కాబట్టి నాకు ఎప్పుడూ పెద్దగా తలనొప్పి ఇవ్వలేదు. ఇబ్బందంతా డీయూ, ఆర్‌యూ మధ్య ఫ్రంట్‌హాల్‌లోనే, ఎందుకంటే అక్కడ లెక్క మైక్రోసెకన్లలో.

ఇప్పుడు కేసు. పేర్లు చెప్పను, డీయూ సాఫ్ట్‌వేర్ ఒక కంపెనీది, ఆర్‌యూ ఇంకో కంపెనీది, సర్వర్లు మూడోవాళ్ళవి, స్విచ్‌లు ఆపరేటర్ ట్రాన్స్‌పోర్ట్ టీమ్‌వి. ల్యాబ్‌లో టెస్టులన్నీ పాసయ్యాయి. సైట్లు ఎక్కించాం, పగలంతా బానే ఉంది, సాయంత్రం ఏడు దాటాక కొన్ని సైట్లలో డౌన్‌లోడ్ స్పీడు సగానికి పడిపోయేది, రాత్రి పదకొండు తర్వాత దానంతటదే బాగయ్యేది. అలారం ఒక్కటీ లేదు. ట్రాఫిక్ ఎక్కువ కదా, పడక ఏమవుతుంది అని మొదట వదిలేశాం, కానీ బ్లాక్ ఎర్రర్ రేటు చూస్తే సిగ్నల్ బాగున్న ఫోన్లకి కూడా పెరుగుతోంది, లోడుకే అయితే అలా జరగకూడదు.

తర్వాత అందరి అనుమానం సింక్ మీదకి పోయింది. డౌన్‌లింక్, అప్‌లింక్ ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులుగా నడిచే టీడీడీలో ప్రతి సైట్ ఫేజు కామన్ టైముకి ప్లస్ ఆర్ మైనస్ 1.5 మైక్రోసెకన్ల లోపు ఉండాలి, ఆ టైము తెచ్చే పీటీపీ కొంచెం జారినా పక్క సైట్ల డౌన్‌లింక్ మన అప్‌లింక్‌లో పడుతుంది. నాలుగు రోజులు దాని మీదే కూర్చున్నాం. కానీ ఆర్‌యూలో `sync-state` ఎప్పుడు చూసినా `LOCKED` అనే ఉంది, పైగా అదే స్విచ్ కింద ఉన్న దగ్గరి సైట్లకి ఏమీ కాలేదు, పాడయ్యేది అప్‌లింక్ కూడా కాదు, డౌన్‌లింకు. అప్పుడు మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒక మాట అంది, "అన్నా, ఈ సైట్లన్నీ డీయూ ఉన్న ఎక్స్‌చేంజికి దూరంగా ఉన్నవే కదా" అని. అక్కడ దారి దొరికింది.

ఆర్‌యూ ప్రతి సింబల్ డేటాకి ఒక టైమ్ విండో పెట్టుకుంటుంది. డేటా గాల్లోకి పంపాల్సిన క్షణానికి మరీ ముందుగా రాకూడదు, మరీ ఆలస్యంగానూ రాకూడదు. మా ఆర్‌యూకి ఆ విండో ఆ క్షణానికి 350 నుంచి 120 మైక్రోసెకన్ల ముందు. విండో దాటి వచ్చిన ప్యాకెట్‌ని పారేస్తుంది, అలారం కొట్టదు, కౌంటర్ మాత్రం పెంచుతుంది. ఎం-ప్లేన్‌లో, అంటే నెట్‌కాన్ఫ్ ద్వారా, ఈ కౌంటర్లు తీసుకోవచ్చు:

```
RX_ON_TIME
RX_EARLY
RX_LATE
```

దూరపు సైట్లలో `RX_LATE` పగలు దాదాపు సున్నా, సాయంత్రం ఏడు నుంచి ఎక్కుతోంది. మా స్పీడు గ్రాఫు తలకిందులు చేస్తే సరిగ్గా అదే.

డీయూ ప్యాకెట్లని 280 నుంచి 180 మైక్రోసెకన్ల ముందు పంపేలా పెట్టారు. ప్లానింగ్ షీట్‌లో ఆ సైట్ దూరం 9 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురుకి కిలోమీటర్‌కి 5 మైక్రోసెకన్లు, అంటే 45, రెండు స్విచ్‌లకి ఇంకో 10, మొత్తం 55. మరీ చివర్లో 180కి పంపినా 125కి చేరుతుంది, గడువు 120, కాబట్టి షీట్ ప్రకారం సరిపోయింది. కానీ ఆ 9 కిలోమీటర్లు మ్యాప్ మీద గీత గీసి కొలిచినది. ఫైబర్ రింగ్ చుట్టూ తిరిగి వస్తోంది, ఫైబర్ అసలు పొడవు కొలిచే ఓటీడీఆర్ పెట్టి చూస్తే 15 కిలోమీటర్లు. 75కి 10 కలిపితే 85. చివర్లో పంపినవి 95కి చేరుతున్నాయి, అంటే 25 మైక్రోసెకన్లు లేటు. పగలు సర్వర్ ఖాళీగా ఉండి డీయూ త్వరగా లెక్కలు ముగించి 280 దగ్గర్లోనే పంపేసేది, అవి 195కి చేరేవి, ఇబ్బంది లేదు. సాయంత్రం లోడు పెరిగాక లెక్కలు ఆలస్యమై 180 దగ్గరికి జారేది, అవన్నీ పోయేవి. డీయూ వాళ్ళు "మా విండోలోనే పంపుతున్నాం" అన్నారు, నిజమే. ఆర్‌యూ వాళ్ళు "మేం స్పెక్ ప్రకారమే తీసుకుంటున్నాం" అన్నారు, అదీ నిజమే. ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు ఒక్క ప్యాకెట్ కూడా పోలేదని చూపించారు, అదీ నిజమే. ముగ్గురూ ఉన్న కాల్‌లో నేనున్నా, మూడు గంటలు నడిచింది, ఎవరూ అబద్ధం చెప్పలేదు, నెట్‌వర్క్ మాత్రం పనిచేయట్లేదు. ఒకే వెండర్ అయితే ఈ కాల్ వాళ్ళ ఆఫీసులోనే జరిగేది, ఆపరేటర్‌కి తెలిసేదే కాదు. మీరు అడిగిన రిస్కు అంటే నా దృష్టిలో ఇదే.

చూసుకోవాల్సిన లెక్క రెండే లైన్లు:

```
T1a_min >= T2a_min + T12_max
T1a_max <= T2a_max + T12_min
```

`T1a` డీయూ పంపే విండో, `T2a` ఆర్‌యూ తీసుకునే విండో, `T12` మధ్యలో ఫైబర్, స్విచ్‌ల ఆలస్యం. డీయూ విండోని 35 మైక్రోసెకన్లు ముందుకి జరిపాం, 315 నుంచి 215. దూరపు సైట్‌కి 130కి చేరుతుంది, గడువు 120, సరిపోయింది. దగ్గరి సైట్లలో ఆలస్యం 5 మైక్రోసెకన్లే, వాటికి 310కి చేరుతుంది, 350 దాటలేదు కాబట్టి `RX_EARLY` కూడా రాలేదు.

స్పీడు సమస్య పోయింది, కానీ దానికి ఖర్చు పడింది. 35 మైక్రోసెకన్లంటే దాదాపు ఒక సింబల్ టైము. డీయూ ప్రతి లెక్కనీ అంత ముందుగా ముగించాలంటే ఒక్కో సెల్‌కి ఎక్కువ కోర్లు ఇవ్వాలి. దూరపు సైట్లు ఎక్కువున్న చోట సర్వర్‌కి ఆరు సెల్స్ అనుకున్నది నాలుగుకి దిగింది. సర్వర్లు పెరిగితే కరెంటు, ఏసీ, లైసెన్సులు అన్నీ పెరుగుతాయి. రేడియో రేటులో మిగిలిన దాంట్లో మంచి వాటా ఇక్కడ పోయింది, మొదటి బిజినెస్ కేస్ షీట్‌లో ఈ లైనే లేదు.

లాభం గురించి కూడా అంతే నమ్మకంగా చెప్తా. అదే ప్రాజెక్టులో ఏడాది తర్వాత ఊళ్ళకి చిన్న పవర్ రేడియో కావాల్సొచ్చింది, ఉన్న ఆర్‌యూ వెండర్ దగ్గర అది లేదు, తయారు చేయాలంటే టైము, డబ్బు రెండూ ఎక్కువే అడిగారు. ఇంకో కంపెనీ రేడియో తెచ్చి అదే డీయూకి కలిపాం. మూడు నెలలు పట్టింది, ఊరికే కాలేదు, ఆ ఆర్‌యూ `T2a` విలువలు వేరు, కంప్రెషన్ సెట్టింగు వేరు, మళ్ళీ మొదటి నుంచి టెస్టులు. కానీ డీయూ మార్చలేదు, సీయూ మార్చలేదు, కోర్ ముట్టుకోలేదు. పాత పద్ధతిలో ఇది కుదిరేదే కాదు. ఆ కొత్త రేడియో మా ల్యాబ్‌లో పైకి లేచిన వారంలోనే పాత వెండర్ రేటు దించాడు, ఆ మెయిల్ నేను చూశా.

బయట పెద్దవాళ్ళని చూసినా ఇదే కనిపిస్తుంది. జపాన్‌లో రకుటెన్ 2020 ఏప్రిల్‌లో సర్వీస్ మొదలుపెట్టినప్పుడు డీయూ సాఫ్ట్‌వేర్ ఆల్టియోస్టార్ది, రేడియోలు నోకియావి, కలిపే బాధ్యత మాత్రం తన చేతిలోనే పెట్టుకుంది, తర్వాత 2021లో ఆల్టియోస్టార్‌నే కొనేసింది. వాళ్ళు కొత్త ఆపరేటర్, పాత 2జీ, 3జీ సామాన్ల బరువు లేదు, అది మర్చిపోవద్దు. ఏటీ అండ్ టీ ఇంకో దారి పట్టింది, 2023 డిసెంబర్‌లో ఎరిక్సన్‌తో ఐదేళ్ళకి దాదాపు 14 బిలియన్ డాలర్ల ఒప్పందం ప్రకటించింది, ఇంటర్‌ఫేసులు ఓపెన్‌గా ఉండాలి, ఫుజిట్సు లాంటివాళ్ళ రేడియోలు కూడా రావాలి అంటూనే, పనిలో పెద్ద వాటా ఒకే కంపెనీకి ఇచ్చింది. ఇది ఓపెన్ రానే కాదని చాలామంది తిట్టారు. నేను తిట్టను, ఆ మూడు గంటల కాల్‌లో కూర్చున్నవాడికి వాళ్ళు ఎందుకలా చేశారో అర్థమవుతుంది.

మీరు ప్లానింగ్‌లో ఉన్నారు కాబట్టి మీ చేతిలో ఉన్నవి చెప్తా. ఫైబర్ పొడవు మ్యాప్ నుంచి తీసుకోవద్దు, ఓటీడీఆర్ రీడింగ్ అడగండి, రింగ్ అయితే రెండో వైపు పొడవు కూడా తీసుకోండి, ఎందుకంటే ఒకవైపు కట్ అయి ట్రాఫిక్ అటు తిరిగిన రోజు `T12` మారిపోతుంది. ల్యాబ్ టెస్టు పది మీటర్ల ప్యాచ్ కార్డుతో చేసి పాస్ అంటే ఒప్పుకోకండి, మీ దగ్గర ఎంత దూరపు సైట్ ఉందో అంత ఫైబర్ స్పూల్ మధ్యలో పెట్టి, సర్వర్ మీద పూర్తి లోడు వేసి `RX_LATE` చూపించమనండి. సర్వర్‌కి ఎన్ని సెల్స్ అనే అంకె ఏ దూరానికి చెప్తున్నారో టెండర్‌లోనే రాయించండి. ఆర్‌యూ ఫర్మ్‌వేర్, డీయూ సాఫ్ట్‌వేర్, సర్వర్ ప్లాట్‌ఫామ్, ఈ మూడిట్లో ఏది మారినా మిగతా రెంటితో మళ్ళీ టెస్టు చేయాలి, ఆ పని ఎవరిది, ఎన్ని రోజుల్లో, ఎవరి డబ్బుతో అన్నది సంతకం ముందే తేల్చుకోండి, తర్వాత అడిగితే ప్రతిదానికీ విడిగా బిల్లు వస్తుంది.

మీ ఆపరేటర్ దగ్గర ఈ కౌంటర్లు రోజూ చదివే మనుషులు నలుగురైదుగురు సొంతంగా ఉంటే వెళ్ళండి, ముందు ఒక యాభై సైట్లతో. లేకపోతే ఏటీ అండ్ టీ దారిలో ఒకరికి బాధ్యత అప్పగించి, ఇంటర్‌ఫేస్ ఓపెన్‌గా ఉండాలని మాత్రం కాగితం మీద గట్టిగా పట్టుకోండి. మీ దగ్గర దూరపు సైట్లు ఎన్ని, ఫైబర్ రింగా స్టారా అన్నది కామెంట్‌లో పెడితే విండో లెక్క వేసి చూపిస్తా.